ఫోన్ మెయిల్లో వేలితో లాగేస్తే అది ఆర్కైవా, డిలీటా? ఇన్‌బాక్స్ ఖాళీ, 15 జీబీ మాత్రం ఫుల్

గుణుపురం జిరాక్స్ (గుణుపురం, రాయగడ జిల్లా) | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గుణుపురం బస్టాండు దగ్గర నాకు చిన్న జిరాక్స్, ప్రింటౌట్ల షాపు ఉంది. వాట్సాప్ నంబర్ ఇస్తే రాత్రి పదకొండింటికి కూడా "అన్నా, షాపు ఉందా" అని మెసేజ్‌లు వస్తున్నాయని, ప్రింట్ల కోసం విడిగా ఒక జీమెయిల్ తెరిచి, ఆ అడ్రస్ గోడ మీద అంటించాను. ఫైలు మెయిల్ చేస్తారు, షాపు కంప్యూటర్లో ప్రింట్ తీసిస్తాను, తీసిన వెంటనే నా ఫోన్లో ఆ మెయిల్‌ని వేలితో పక్కకి లాగేస్తాను. పచ్చటి పట్టీ కనబడుతుంది, మెయిల్ మాయమవుతుంది. ఏడాదిన్నర నుంచీ ఇదే పద్ధతి. సాయంత్రం షట్టర్ దించేసరికి ఇన్‌బాక్స్‌లో ఒక్కటి కూడా ఉండదు.

ఈ రోజు ఒక కాలేజీ అమ్మాయి ప్రాజెక్ట్ రిపోర్ట్ ప్రింట్ కోసం వచ్చింది. పొద్దున్నే పంపానంటుంది, నాకు రాలేదు. నా ఎదురుగా ఇంకోసారి పంపింది, అదీ రాలేదు. చివరికి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంది. ఆమె వెళ్ళాక చూస్తే పైన ఎర్రగా "స్టోరేజ్ నిండిపోయింది, మెయిల్స్ పంపలేరు, అందుకోలేరు" అని ఉంది. వివరాలు తెరిస్తే 15 జీబీకి 15 వాడేశానట. అందులో ఒక్క జీమెయిలే 11.2.

ఇన్‌బాక్స్‌లో ఒక్క మెయిలు లేకుండా 11 జీబీ ఎక్కడి నుంచి వచ్చింది? నేను రోజూ డిలీట్ చేస్తూనే ఉన్నాను కదా!

---

నాగేశ్ రాయగడ | సోమవారం రాత్రి 9:58

అన్నా, నువ్వు డిలీట్ చేయలేదు. పచ్చ పట్టీ అంటే ఆర్కైవ్. సెట్టింగ్స్‌లో స్వైప్‌ని డిలీట్‌కి మార్చు, అంతే. నేను ఫోన్ కొన్న రోజునే మార్చేశాను.

---

మూర్తి మాస్టారు (పర్లాకిమిడి) | సోమవారం రాత్రి 10:15

నాగేశ్ బాబూ, కొంచెం ఆగు. ఆర్కైవ్ చేస్తే జాగా తగ్గాలి గాని పెరగకూడదు. నేను ఆఫీసులో పనిచేసిన రోజుల్లో మెయిల్ బాక్స్ నిండిందని హెచ్చరిక వస్తే పాత మెయిల్స్ ఆర్కైవ్‌లోకి పంపేవాళ్ళం. వెంటనే బాక్స్ ఖాళీ అయ్యేది. నా కళ్ళతో చూసిన సంగతి ఇది. ఆర్కైవ్‌లోకి వెళ్ళిన ఫైలు జిప్ లాగ చిన్నదైపోతుంది. కాబట్టి ఈయన సమస్య వేరే ఎక్కడో ఉంది.

---

పద్మ (జయపురం) | సోమవారం రాత్రి 10:31

నాకూ ఇదే బాధ! ఫోన్ 64 జీబీ, ఎప్పుడూ నిండిపోయిందనే అంటుంది. నేను మెయిల్స్ అన్నీ తీసేశాను, ఒక్క జీబీ కూడా తగ్గలేదు. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేస్తే కొంచెం ఊపిరాడింది. అన్నయ్యా, మీరు కూడా వీడియోలు చూడండి ముందు.

---

సరస్వతి బి. (బరంపురం) | సోమవారం రాత్రి 11:05

ఇక్కడ ఒక కాలేజీ ఆఫీసులో మెయిల్ అకౌంట్ల పని నాదే. ఈ ప్రశ్న నెలకి రెండు మూడు సార్లు నా బల్ల దగ్గరికి వస్తుంది, అందుకే కొంచెం ఎక్కువే రాస్తున్నాను.

గుణుపురం అన్నగారూ, జీమెయిల్‌లో ఆర్కైవ్ అనే గది విడిగా ఏదీ లేదు. ప్రతి మెయిలూ ఒకే పెద్ద కుప్పలో ఉంటుంది, ఆ కుప్ప పేరు ఆల్ మెయిల్. ఇన్‌బాక్స్ అన్నది ఆ మెయిల్ మీద అంటించిన ఒక చీటీ. ఆర్కైవ్ నొక్కితే ఆ చీటీ ఊడుతుంది. మెయిల్, దానికున్న పీడీఎఫ్, అన్నీ కుప్పలో ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక్క కేబీ కూడా తగ్గదు. యాప్‌లో పైన మూడు గీతలు నొక్కి, కిందకి వెళ్ళి ఆల్ మెయిల్ తెరవండి. మీ ఏడాదిన్నర ప్రింట్లన్నీ అక్కడ కనబడతాయి.

మూర్తి మాస్టారూ, మీరు చూసింది నిజమే, కానీ అది వేరే ఆర్కైవ్. ఆఫీసు కంప్యూటర్లో ఔట్‌లుక్ వాడి ఉంటారు. అందులో ఆటో ఆర్కైవ్ చేస్తే పాత మెయిల్స్ సర్వర్ మీంచి తీసి, మీ కంప్యూటర్ డిస్కులో `.pst` అనే ఫైల్లో పెట్టేది. సర్వర్లో జాగా అందుకే తగ్గింది, ఆ బరువు మీ కంప్యూటర్ మోసింది. ఫోన్లో జీమెయిల్ ఆర్కైవ్ ఎక్కడికీ ఏదీ తరలించదు, జిప్ కూడా చేయదు. పేరొక్కటే రెండిటికీ కలిసింది.

పద్మగారూ, మీది ఫోన్ లోపలి జాగా. గుణుపురం అన్నగారిది గూగుల్ అకౌంట్ జాగా. రెండు వేరు వేరు లెక్కలు, దాని గురించి రేపు రాస్తాను. నిద్ర వస్తోంది.

---

మూర్తి మాస్టారు | మంగళవారం ఉదయం 6:10

అమ్మాయ్, ఔట్‌లుక్కే. నీకెలా తెలిసింది? సరే, జిప్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ చీటీ ఊడదీయడానికి ఒక బటన్ ఎందుకు పెట్టారు, జాగా మిగలనప్పుడు?

---

గుణుపురం జిరాక్స్ | మంగళవారం ఉదయం 7:20

ఆల్ మెయిల్ తెరిచాను. వేలు నొప్పెట్టేదాకా కిందకి జరిపాను, తరగలేదు. పోయిన ఏడు మార్చిలో ఎవరో పంపిన కుల ధృవపత్రం కనబడింది, దాని కింద ఎవరివో ఆధార్ రెండు వైపులా, ఎవరిదో పొలం పట్టా. ప్రింట్ అయ్యాక ఇవన్నీ పోయాయనుకున్నాను. గిరాకీ ఒకాయన "తీసేశావు కదా" అని అడిగితే ఆయన కళ్ళముందే వేలితో లాగి చూపించాను కూడా. ఇప్పుడు ఆయన ఎదురుపడితే ఏం చెప్పాలి?

---

సరస్వతి బి. | మంగళవారం మధ్యాహ్నం 1:30

మీ షాపు విషయంలో స్టోరేజ్ కన్నా అదే పెద్ద సంగతి అన్నగారూ. ఆర్కైవ్ అంటే దాచడం. నాకు వచ్చిన కరెంటు బిల్లు నేను దాచుకోవచ్చు. వేరేవాళ్ళ ఆధార్ మీ మెయిల్లో ఏడాదిన్నర ఉండటానికి కారణమే లేదు. మీ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో పడినా ఆ కాగితాలన్నీ వాళ్ళ చేతిలో పడ్డట్టే.

ఇక లెక్క. మీకు రోజుకి ఎన్ని మెయిల్స్ వస్తాయి, ఒక్కో ఫైలు సుమారుగా ఎంత ఉంటుంది?

మాస్టారూ, ఆ బటన్ ఇన్‌బాక్స్‌ని శుభ్రంగా ఉంచడానికి. చేయాల్సిన పనులు మాత్రమే కళ్ళముందు ఉంటాయి, మిగతావి వెతికితే దొరుకుతాయి. ఆర్కైవ్ చేసిన మెయిల్‌కి ఎవరైనా జవాబు రాస్తే ఆ సంభాషణ మొత్తం మళ్ళీ ఇన్‌బాక్స్‌లోకి వచ్చేస్తుంది. పని అయిపోయిందని పక్కన పెట్టడానికి చాలా మంచి బటన్. జాగాతో దానికి సంబంధం లేదు, అంతే.

---

గుణుపురం జిరాక్స్ | మంగళవారం మధ్యాహ్నం 2:05

అడ్మిషన్ల సీజన్లో యాభై, మామూలు రోజుల్లో పదిహేను. సగటున ఇరవై అనుకోండి. ఫైలు ఒక ఎంబీ అటూ ఇటూ. ఆదివారం సెలవు.

---

సరస్వతి బి. | మంగళవారం మధ్యాహ్నం 2:40

అయితే చూడండి. మెయిల్లో పీడీఎఫ్ ఉన్నది ఉన్నట్టు వెళ్ళదు. దారిలో దాన్ని అక్షరాలుగా మార్చి పంపుతారు, అలా మార్చినప్పుడు మూడో వంతు పెరుగుతుంది. ఒక ఎంబీ ఫైలు మెయిల్లో 1.33 ఎంబీ దాకా అవుతుంది. ఇరవై మెయిల్స్ అంటే రోజుకి సుమారు 26 ఎంబీ. నెలకి 26 పని రోజులు వేసుకుంటే 700 ఎంబీకి కొంచెం తక్కువ. మీ 11.2 జీబీని దాంతో భాగిస్తే పదహారు, పదిహేడు నెలలు వస్తుంది. మీరు చెప్పిన ఏడాదిన్నరకి దగ్గరగానే ఉంది. అంటే వేరే మాయ ఏదీ లేదు. వచ్చిన ప్రతి ప్రింటూ ఇంకా అక్కడే ఉంది.

మిగతా 3.8 ఏమిటో కూడా చూసుకోండి. ఆ 15 జీబీ మెయిల్‌కి ఒక్కదానికే కాదు, డ్రైవ్, ఫోటోలు కూడా అందులోంచే తింటాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోకే వస్తుంది.

---

నాగేశ్ రాయగడ | మంగళవారం సాయంత్రం 5:15

నేను ముందే చెప్పాను, స్వైప్‌ని డిలీట్ చేసి పడేయమని. ఇంత లెక్క ఎందుకు?

---

బి. కోటేశ్వరరావు (కోరాపుట్) | మంగళవారం సాయంత్రం 5:50

నాగేశూ, నువ్వు పోయిన సంవత్సరం బండి ఇన్సూరెన్స్ కాగితం కోసం ఇక్కడే ఏడ్చావు కదా? మర్చిపోయావా?

---

నాగేశ్ రాయగడ | మంగళవారం సాయంత్రం 6:02

అది వేరే కథ అన్నా.

సరే చెబుతాను. పాలసీ మెయిల్లో వచ్చింది. బస్సులో ఉన్నాను, ప్రచారం మెయిల్ అనుకుని నోటిఫికేషన్ మీదనే డిలీట్ నొక్కేశాను, మెయిల్ తెరవను కూడా లేదు. రెండు నెలల తర్వాత చెకింగ్‌లో ఆపారు. మెయిల్ వెతికితే లేదు, బిన్‌లోనూ లేదు. కంపెనీవాళ్ళకి ఫోన్ చేస్తే మళ్ళీ పంపడానికి నాలుగు రోజులు తిప్పారు. ముప్పై రోజుల లోపల చూసుకుని ఉంటే బిన్‌లో దొరికేది.

---

సరస్వతి బి. | మంగళవారం రాత్రి 8:30

నాగేశ్ చెప్పినదాంట్లో రెండు ముక్కలు గుణుపురం అన్నగారికి పనికొస్తాయి.

ఒకటి, డిలీట్ చేసిన మెయిల్ కూడా వెంటనే పోదు. ముప్పై రోజులు బిన్‌లో ఉంటుంది, ఆ తర్వాత దానంతటదే పోతుంది. బిన్‌లో ఉన్నంతకాలం అది కూడా 15 జీబీ లెక్కలోకే వస్తుంది. స్పామ్ కూడా అంతే. ఈ రోజు పది జీబీ డిలీట్ చేసినా, బిన్ ఖాళీ చేయకపోతే మీటర్ కదలదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి "డిలీట్ చేసినా తగ్గలేదు" అంటారు.

రెండోది, నోటిఫికేషన్ మీద కనబడే బటన్ వేరు, లిస్టులో వేలితో లాగేది వేరు. ఆండ్రాయిడ్ జీమెయిల్‌లో సెట్టింగ్స్, జనరల్ సెట్టింగ్స్ లోపల రెండిటికీ విడివిడిగా ఎంపికలున్నాయి. నోటిఫికేషన్‌కి ఒక డిఫాల్ట్ పెట్టుకోవచ్చు. స్వైప్‌కి కుడి, ఎడమ రెండు వైపులా వేరు వేరుగా పెట్టుకోవచ్చు. ఒకటి మారిస్తే రెండోది మారదు. నాగేశ్‌ని ముంచింది నోటిఫికేషన్ బటన్. అది తెరవని మెయిల్ మీద పనిచేస్తుంది కాబట్టి, అక్కడ డిలీట్ పెట్టొద్దనే నా సలహా.

---

గుణుపురం జిరాక్స్ | మంగళవారం రాత్రి 9:10

స్వైప్ సెట్టింగ్ దొరికింది. కానీ ఒక చిక్కు. నా ఫోన్లో అదే యాప్‌లో షాపు మెయిల్, నా సొంత మెయిల్ రెండూ ఉన్నాయి. షాపు మెయిల్‌కి డిలీట్ పెడితే సొంత మెయిల్‌కి కూడా అదే పడుతోంది. సొంతదాంట్లో బ్యాంకు మెయిల్స్, పాప స్కూల్ మెయిల్స్ ఉంటాయి. వాటిని పొరపాటున లాగితే?

---

సరస్వతి బి. | మంగళవారం రాత్రి 9:25

అవును, జనరల్ సెట్టింగ్స్ యాప్‌లో ఉన్న అన్ని అకౌంట్లకీ ఒకటే. విడివిడిగా పెట్టడానికి లేదు. నేను చేసేది చెబుతాను: కుడికి లాగితే ఆర్కైవ్, ఎడమకి లాగితే డిలీట్. ఏది ఏ అకౌంటో బొటనవేలికి తెలియదు గానీ, ఏ వైపో తెలుస్తుంది.

---

బి. కోటేశ్వరరావు | మంగళవారం రాత్రి 9:40

నాది ఐఫోన్. ఇందులో కంపెనీ ఇచ్చిన మెయిల్ యాప్ వాడతాను, దాంట్లో ఒక్కో అకౌంట్‌కీ విడిగా ఉంది. అకౌంట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, అక్కడ "Move Discarded Messages Into" కింద డిలీటెడ్ మెయిల్ బాక్సా, ఆర్కైవ్ మెయిల్ బాక్సా అని అడుగుతుంది. జీమెయిల్ అకౌంట్ కలిపినప్పుడు అది ఆర్కైవ్ మీదనే ఉండింది, నేనే మార్చాను. మార్చేదాకా చెత్తబుట్ట బొమ్మ ఎక్కడుందా అని వెతుక్కునేవాణ్ణి.

---

మూర్తి మాస్టారు | మంగళవారం రాత్రి 9:55

కుడి ఎడమలు గుర్తుంచుకోవడం ఈ వయసులో నా వల్ల కాదు. నేను రెండు వైపులా ఆర్కైవే పెట్టుకుంటాను. డిలీట్ కావాలంటే మెయిల్ తెరిచి పైన బుట్ట బొమ్మ నొక్కుతాను. నాకు వచ్చేవన్నీ అక్షరాలే, పీడీఎఫ్‌లు తక్కువ. పదిహేనేళ్ళ మెయిల్స్ కలిపి ఒక జీబీ దాటలేదు, ఇప్పుడే చూశాను.

---

సరస్వతి బి. | మంగళవారం రాత్రి 10:05

మాస్టారూ, మీకు అదే సరైనది. అక్షరాల మెయిల్ కేబీల్లో ఉంటుంది. బరువంతా జతచేసిన ఫైళ్ళదే. మీకు ఆర్కైవ్ వల్ల నష్టం లేదు, అన్నగారి షాపుకి డిలీట్ తప్పదు.

గుణుపురం అన్నగారూ, పాతవి తీయడానికి ఫోన్లో కూర్చోకండి, ఒక్కొక్కటీ పట్టుకుంటూ కూర్చుంటే తెల్లారుతుంది. షాపు కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, పైన వెతికే డబ్బాలో ఇది కొట్టండి.

```
has:attachment larger:200K older_than:7d -in:inbox -in:sent -is:starred
```

జత ఫైలు ఉండి, 200 కేబీ దాటి, వారం కన్నా పాతవై, ఇన్‌బాక్స్‌లో గానీ పంపినవాటిలో గానీ లేనివి, నక్షత్రం పెట్టనివి వస్తాయి. ఉంచుకోవాల్సినవాటికి ముందే నక్షత్రం పెట్టుకోండి. పైన చిన్న గడిలో టిక్ పెడితే ఆ పేజీలో ఉన్న 50 మాత్రమే ఎంపికవుతాయి. అప్పుడు పైన ఒక వరుస వస్తుంది, ఈ వెతుకులాటకి సరిపోయే అన్నిటినీ ఎంచుకోమని. అది నొక్కితేనే మొత్తం వస్తాయి. తర్వాత డిలీట్, తర్వాత బిన్‌లోకి వెళ్ళి ఖాళీ చేయడం.

బిన్ ఖాళీ చేశాక వెనక్కి తెచ్చుకోలేరు. దానికి ముందు ఒకసారి బిన్ లోపల మీ సరఫరాదారుల పేర్లు వెతికి చూసుకోండి. ఇంకో సంగతి: ఒకే సంభాషణలో పది మెయిల్స్ ఉంటే, అందులో ఒక్కదానికి పెద్ద ఫైలు ఉన్నా, మొత్తం సంభాషణ పోతుంది.

---

పద్మ | బుధవారం ఉదయం 8:00

సరస్వతిగారూ, నా ఫోన్ సంగతి చెబుతానన్నారు.

---

సరస్వతి బి. | బుధవారం ఉదయం 9:15

మర్చిపోయాను పద్మగారూ. జీమెయిల్ యాప్ మీ మెయిల్స్ అన్నీ ఫోన్లోకి దించదు. మామూలుగా 30 రోజులవి మాత్రమే ఫోన్లో పెట్టుకుంటుంది. ఆ 30 అన్నది అకౌంట్ సెట్టింగ్స్‌లో తగ్గించుకోవచ్చు. కాబట్టి ఆర్కైవ్ చేసినా, డిలీట్ చేసినా 64 జీబీ ఫోన్లో పెద్ద తేడా కనబడదు. కానీ మీరు మెయిల్లో ఫైలు డౌన్‌లోడ్ నొక్కితే అది ఫోన్లో డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్లో విడిగా కాపీ అయి కూర్చుంటుంది. మెయిల్ డిలీట్ చేసినా ఆ కాపీ పోదు. ఫైల్స్ యాప్ తెరిచి డౌన్‌లోడ్స్ చూడండి.

---

పద్మ | బుధవారం ఉదయం 9:50

చూశాను. ఒకే రేషన్ కార్డు పీడీఎఫ్ తొమ్మిది సార్లు ఉంది! ఒకటి, రెండు అని నంబర్లు వేసి మరీ పెట్టింది. వాటన్నిటితో కలిపి 40 ఎంబీ. కానీ 64 జీబీలో ఇది ఎంత? నా ఫోన్‌ని తినేది ఇంకేదో ఉంది.

---

నాగేశ్ రాయగడ | బుధవారం ఉదయం 10:05

గుడ్ మార్నింగ్ వీడియోలే అక్కా.

---

గుణుపురం జిరాక్స్ | బుధవారం రాత్రి 10:20

ఈ రోజు మధ్యాహ్నం గిరాకీలు తగ్గాక కూర్చున్నాను. ఆ వాక్యం కొట్టి, నేరుగా డిలీట్ చేయకుండా పైనుంచి ఒక పేజీ చదివాను, మంచిదైంది. టోనర్, పేపర్ బండిళ్ళు పంపేవాళ్ళ బిల్లులు కూడా అందులో ఉన్నాయి. జీఎస్టీకి అవి కావాలి. వాళ్ళ అడ్రస్‌తో వెతికి ముప్పై ఆరింటికి నక్షత్రం పెట్టి, మళ్ళీ అదే వాక్యం కొట్టాను.

మొత్తం ఎంచుకోమన్న వరుస మొదటిసారి నేను చూడలేదు. యాభై డిలీట్ అయ్యాయి, మళ్ళీ యాభై. నాలుగోసారికి కనబడింది. నొక్కితే ఇన్ని వేల మెయిల్స్ మీద పని జరుగుతుంది, సరేనా అని అడిగింది. చేయి కొంచెం వణికింది, నొక్కేశాను. కాసేపు తిరుగుతూ ఉండిపోయింది.

తర్వాత మీటర్ చూస్తే అదే 15. మీరు బిన్ అన్నారు కదా అని బిన్ ఖాళీ చేశాను. అప్పుడూ 15 దగ్గరే ఉంది. ఇదేమిటి?

---

సరస్వతి బి. | బుధవారం రాత్రి 10:35

టెన్షన్ పడకండి. మీటర్ వెంటనే మారదు. రేపు పొద్దున చూడండి.

---

మూర్తి మాస్టారు | బుధవారం రాత్రి 10:50

బాబూ, ఒక అనుమానం. బాక్స్ నిండిన రోజుల్లో నీకు పంపినవాళ్ళ మెయిల్స్ ఇప్పుడు వస్తాయా? లేక పోయినట్టేనా?

---

సరస్వతి బి. | బుధవారం రాత్రి 11:10

మంచి ప్రశ్న మాస్టారూ. పంపినవాళ్ళకి తిరిగొచ్చిన మెయిల్లో ఒక కోడ్ ఉంటుంది. అది 4తో మొదలైతే తాత్కాలికం, అవతలి సర్వర్ కొంతసేపు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, ఈలోగా జాగా దొరికితే మెయిల్ చేరుతుంది. 5తో మొదలైతే పంపినాయనే మళ్ళీ పంపాలి. స్టోరేజ్ నిండిన జీమెయిల్‌కి నేను ఎక్కువగా `452 4.2.2` చూశాను. ఎంతసేపు ప్రయత్నించాలన్నది పంపే సర్వర్ ఇష్టం. అది మానుకుంటే ఆ మెయిల్ దానంతటది రాదు, గుణుపురంలో ఎవరికీ తెలియను కూడా తెలియదు. పంపినవాడు చెబితేనే.

---

గుణుపురం జిరాక్స్ | గురువారం ఉదయం 7:45

లేచి చూశాను. జీమెయిల్ 11.2 నుంచి 2.4కి వచ్చింది. మొత్తం 6.2. ఎర్ర పట్టీ పోయింది.

రాత్రి రెండు మెయిల్స్ వాటంతటవే వచ్చి ఉన్నాయి, మంగళవారం పంపినవి. సోమవారం అమ్మాయిది రాలేదు.

---

బి. కోటేశ్వరరావు | గురువారం ఉదయం 8:30

2.4 ఇంకా ఎందుకుంది? మీ బిల్లులు ముప్పై ఆరే కదా.

---

గుణుపురం జిరాక్స్ | గురువారం ఉదయం 8:50

200 కేబీ కన్నా చిన్నవి తీయలేదు. పంపినవాటిలో కూడా ఉన్నాయి. మా బావమరిది షాపులో కలర్ ప్రింటర్ ఉంది, కలర్ ప్రింట్లకి ఫైలు దించుకుని, కొత్త మెయిల్లో పెట్టి ఆయనకి పంపుతాను. వచ్చినదాంట్లో ఒక ఫైలు, పంపినదాంట్లో మళ్ళీ అదే ఫైలు. పంపినవాటి వైపు నేను ఎప్పుడూ చూడనే లేదు. ఆదివారం అవి పడతాను.

---

నాగేశ్ రాయగడ | గురువారం ఉదయం 9:05

ఇంతకీ స్వైప్ ఏం పెట్టావన్నా?

---

గుణుపురం జిరాక్స్ | గురువారం ఉదయం 9:20

సరస్వతిగారు చెప్పినట్టు కుడి ఆర్కైవ్, ఎడమ డిలీట్. నోటిఫికేషన్ మీద ఆర్కైవ్. నిన్న సాయంత్రం నుంచి రెండుసార్లు అలవాటుకొద్దీ కుడికే లాగాను, ఏడాదిన్నర అలవాటు కదా. ఒకసారి కింద వచ్చే అన్‌డూ నొక్కే లోపలే అది మాయమైంది. అందుకని షాపు మెయిల్ కోసం పాత ఫోన్ ఒకటి బల్ల మీద పెట్టి, దాంట్లో రెండు వైపులా డిలీటే పెడదామా అని ఆలోచిస్తున్నాను. మా ఆవిడ ఇంకో ఫోన్‌కి ఛార్జింగ్ ఎవరు పెడతారంటోంది.

---

సరస్వతి బి. | గురువారం ఉదయం 9:40

పాత ఫోన్ ఆలోచన బాగుంది. కానీ దానికి లాక్ పెట్టండి. బల్ల మీద ఉన్న ఫోన్లో అందరి కాగితాలూ ఉంటాయి.

---

గుణుపురం జిరాక్స్ | గురువారం మధ్యాహ్నం 12:15

ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. రిపోర్టులో రెండు పేజీలు మారాయట, మెయిల్ చేసింది. ఈసారి ఆమె ఫోన్ కింద పెట్టేలోగా నాకు వచ్చింది. ప్రింట్ తీసిచ్చాను, ఆమె ఎదురుగానే ఎడమకి లాగాను.

---

మూర్తి మాస్టారు | గురువారం మధ్యాహ్నం 12:40

ఎడమ అంటే డిలీటా, ఆర్కైవా?

---

గుణుపురం జిరాక్స్ | గురువారం మధ్యాహ్నం 12:44

డిలీటే మాస్టారూ. ప్రస్తుతానికి బిన్‌లో ఉంది. షట్టర్ దించేటప్పుడు అదీ ఖాళీ చేస్తాను.